మే 10న అత్తగారికి వెళ్లిన మెసేజ్

ఆ అమ్మాయిది గుంటూరు. డాలస్‌లో ఉద్యోగం చేస్తోంది. భర్తది మెక్సికోలోని ప్యూబ్లా నగరం, అత్తామామలు ఇప్పటికీ అక్కడే ఉంటారు. పెళ్లికి ముందే ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ మొదలుపెట్టింది. అయితే అసలు మాట్లాడటం వచ్చింది మాత్రం మరుదులూ ఆడపడుచులూ ఉన్న వాట్సాప్ గ్రూపులో. పొద్దస్తమానం వాళ్లు కొట్టే కబుర్లు చదివీ, వాళ్లలాగే జవాబులు రాసీ ఏడాది తిరిగేసరికి ధారాళంగా రాసేస్తోంది.

మెక్సికోలో తల్లుల రోజు మే 10. మనలా మే రెండో ఆదివారం కాదు, ఏ వారం పడ్డా పదో తేదీనే. ఆ రోజు ఆ ఇంట్లో పద్దెనిమిది మంది ఉన్న పెద్ద గ్రూపులోకి అత్తగారు ఒక ఫోటో పంపారు. అది మోలె. ఎండుమిరపకాయలు, నువ్వులు, వేరుశనగ గుళ్లు, మసాలాలు, కాస్త చాక్లెట్ కలిపి నూరి, గంటల తరబడి మరిగించే చిక్కటి పులుసు. ప్యూబ్లా వాళ్లకి అదంటే ప్రాణం. ఫోటో చూడగానే మన అమ్మాయి మనస్ఫూర్తిగా ఇలా రాసింది: “nmms స్వేగ్ర, తె కెదో దె పోక మాద్రె ఎల్ మోలె.”

తన మనసులో ఉన్నది “అత్తా, మోలె అదిరిపోయింది” అని. గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి అత్తగారు “గ్రాసియాస్, మిహా” అని మాత్రం రాశారు. మిహా అంటే “అమ్మాయ్, నా తల్లీ” అన్నంత ముద్దు మాట. ఎప్పుడూ దాని వెనక వరుసగా వచ్చే పువ్వుల బొమ్మలు ఆ రోజు రాలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, “అక్కా, అందులో తప్పేముంది? వాళ్లందరూ అలాగే రాస్తారుగా?” అని అడిగింది.

అలాగే రాస్తారు, నిజమే. కానీ ఒకళ్లకొకళ్లు రాసుకుంటారు, వాళ్లమ్మకి రాయరు. ఆ ఒక్క వాక్యంలో నాలుగు చిక్కులున్నాయి.

మొదటిది nmms. విప్పితే “నో మామెస్”. మామార్ అనే క్రియకి అసలు అర్థం చనుబాలు తాగడం, చీకడం. కుర్రకారు వాడుకలో దాన్ని అశ్లీలమైన అర్థంతో కలిపి, “ఛ, నిజమా!”, “ఊరుకోరా బాబూ!” అనాల్సిన చోట వాడతారు. స్నేహితుల మధ్య దీనికి ఏ బరువూ ఉండదు. ఎవరి నోట్లోనైనా రోజుకి ఇరవైసార్లు దొర్లుతుంది. పెద్దవాళ్ల ముందు మాత్రం అది బూతు కిందే లెక్క. అందుకే మెక్సికన్లు ఈ ఒక్క మాటకి మెట్లు కట్టుకున్నారు. ఒక మెట్టు దిగితే “నో మాంచెస్”. మాంచార్ అంటే మరక చేయడం. శబ్దం దాదాపు అదే, బూతు పోయింది. ఇంకో మెట్టు దిగితే “నో ఇన్వెంతెస్”, కథలు అల్లకు అని. ఈ మూడో మాట ఎవరి ముందైనా అనొచ్చు. రెండోది చాలామంది అత్తగార్లు తామే అంటారు. అయినా కొత్త కోడలు అది ముందుగా తన నోటి నుంచి రానివ్వకపోవడం మంచిది. మొదటిది తల్లుల రోజున పద్దెనిమిది మంది చూసే గ్రూపులో పడింది.

ఇక్కడ గమనించాల్సింది అక్షరాల సంగతి. నో మామెస్ అని పూర్తిగా రాసి ఉంటే ఆ అమ్మాయి ఎప్పుడో నిఘంటువు తెరిచి ఉండేది. nmms అని నాలుగు అక్షరాలుగా కనబడేసరికి అదేదో నవ్వు గుర్తు లాంటిది అనుకుంది. చాట్‌లో కనబడే పొట్టి మాటల్లో కొన్ని ఇలా బూతును లోపల దాచుకుని ఉంటాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది alv. “ఆ లా బెర్గ” అనే మూడు ముక్కలకి అది పొట్టి రూపం. చివరి ముక్క పురుషాంగానికి వాడే మొరటు మాట. కుర్రాళ్లు దీన్ని కోపానికీ, ఆశ్చర్యానికీ, “తెగ బావుంది” అనడానికీ, ఒక్కోసారి ఊరికే వాక్యం చివర తోకలాగా కూడా వాడతారు. అలా చివర తగిలించినప్పుడు దానికంటూ అర్థం ఏమీ కనబడదు, అందుకే చదివేవాళ్లు పట్టుకోలేరు. ptm అంటే “పూత మాద్రె”, అదీ బూతే. vrg అన్నది కూడా ఆ బెర్గ మాటే, అచ్చులు తీసేశారు.

రెండో చిక్కు తె. మెసేజ్‌లో అన్నిటికన్నా చిన్న మాట, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. స్పానిష్‌లో తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. “తె కెదో” అంటే నీకు బాగా కుదిరింది, “లె కెదో” అంటే మీకు బాగా కుదిరింది. ఒక్క అక్షరం తేడా. మనం “వంట బాగా చేశావత్తా” అనడానికీ “బాగా చేశారత్తయ్యగారూ” అనడానికీ ఉన్నంత తేడా ఆ ఒక్క అక్షరంలో ఉంది. తెలుగు చెవికి ఇది కష్టం కాదు, మన క్రియ చివర ఎప్పుడూ ఇదే పని జరుగుతుంది. ఇంగ్లిష్ మీదుగా స్పానిష్ నేర్చుకున్నవాళ్లకే ఇది జారిపోతుంది, అక్కడ నువ్వూ మీరూ ఒకటే కాబట్టి. ఈ అమ్మాయి విషయంలో అదే జరిగింది. పైగా మరుదుల గ్రూపులో అందరూ అందరినీ తూ అనే అంటారు. ఉస్తెద్ ఎలా రాస్తారో చూసే అవకాశమే ఆమెకి రాలేదు.

ఇదే కారణంగా బూతు లేని పొట్టి మాటలు కూడా ఇబ్బంది పెడతాయి. ntp చూడండి. “నో తె ప్రెయొకుపెస్”, కంగారు పడకు అని. చాలా మంచి మాట. కానీ మధ్యలో ఉన్న t అక్షరం “తె”. అత్తగారు “మీ విమానం ఆలస్యమైందటగా” అని టెన్షన్‌గా రాస్తే కోడలు ntp అని జవాబిస్తే, “కంగారు పడకు” అన్నట్టవుతుంది. “కంగారు పడకండి” అనాలంటే “నో సె ప్రెయొకుపె”. దానికి జనం వాడే పొట్టి రూపం లేదు. మొత్తం టైపు చేయాల్సిందే. ntc కూడా అంతే. “నో తె క్రేయస్”, నమ్మేయకు, సరదాకన్నాను అని. అందులోనూ నువ్వు ఉంది. xfa అంటే “పోర్ ఫవోర్”, దయచేసి. అందులో నువ్వూ లేదు మీరూ లేదు కాబట్టి మర్యాద చెడదు. tmb, “కూడా” అని. అదీ అంతే. ఒక పొట్టి మాట అత్తగారికి పంపొచ్చో లేదో తేల్చుకోవాలంటే ముందు దాన్ని పూర్తిగా విప్పి రాయాలి. అందులో బూతు ఉందా, “తె” ఉందా అని చూసుకోవాలి. రెండూ లేకపోతే మిగిలేది పొట్టిగా రాసినందుకు వచ్చే చిన్నపాటి అలక్ష్యం మాత్రమే.

మూడోది, అసలు గుండెల్లో గుచ్చుకున్నది: పోక మాద్రె. మాటకి మాట పెడితే “తక్కువ తల్లి”. అర్థం మాత్రం “అదుర్స్”. ఇది అర్థం కావాలంటే మెక్సికో స్పానిష్‌లో తల్లి అనే మాట పడిన పాట్లు కాస్త తెలియాలి.

అక్కడ పాద్రె, అంటే తండ్రి, మంచి మాటే. “కె పాద్రె!” అంటే “ఎంత బావుందో!” అని. పదేళ్ల పిల్లలూ అంటారు, డెబ్బై ఏళ్ల తాతలూ అంటారు, అత్తగారికి నిశ్చింతగా పంపొచ్చు. ఇది విన్న పరాయివాళ్లు తండ్రికి ఉన్న గౌరవం తల్లికీ ఉంటుందని అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. మాద్రెతో పుట్టిన వాడుకలన్నీ మొరటువే. “మె వాలె మాద్రె” అంటే నాకు లెక్కే లేదు, “నీ మాద్రెస్” అంటే చచ్చినా చెయ్యను, “దెస్మాద్రె” అంటే అంతా గందరగోళం లేదా హద్దు దాటిన పార్టీ, “మాద్రాసో” అంటే గట్టి దెబ్బ. పేరు తెలియని ఏ వస్తువునైనా “ఉన మాద్రె” అనేస్తారు. మెచ్చుకోలుగా వాడే “ఆ తోద మాద్రె”, “పోక మాద్రె” కూడా ఈ కుటుంబంలోవే. పొగడ్తే, కానీ మొరటు నోటి పొగడ్త.

దీనికి మూలం ఒక తిట్టు. ఎదుటివాడి తల్లిని ఎత్తి తిట్టడాన్ని వాళ్లు “మెంతార్ లా మాద్రె” అంటారు, అంటే తల్లి పేరెత్తడం. పేరెత్తడమే తిట్టు అయిపోయింది. ఆ తిట్టు ఎంతగా నాటుకుపోయిందంటే నోరు తెరవకుండానే తిట్టొచ్చు. అదే లయలో ఈల వేసినా, ట్రాఫిక్‌లో కారు హారన్ కొట్టినా అవతలివాడికి అర్థమైపోతుంది, వాడు కిటికీ దించి బదులు తిట్టు తిడతాడు. అందులోని క్రియ చింగార్. చెరచడం నుంచి చెడగొట్టడం వరకు దానికి లెక్కలేనన్ని ఛాయలు. మెక్సికో కవి ఒక్తావియో పాస్ ఈ ఒక్క క్రియ మీద 1950లోనే పేజీల కొద్దీ రాశారు. తర్వాత 1990లో ఆయనకి నోబెల్ వచ్చింది. దాని నుంచి పుట్టిన “చింగోన్” (సూపర్) కూడా మరుదుల గ్రూపులో ఇష్టంగా వాడే పొగడ్తే. అదీ అత్తగారి దగ్గరకి తీసుకెళ్లకూడదు.

ఇలా మాద్రె అరిగిపోయిన మాట అయ్యేసరికి అసలు తల్లి గురించి మాట్లాడాల్సి వస్తే జనం “మమా” అంటారు. “మీ అమ్మగారు ఎలా ఉన్నారు?” అని అత్తగారిని అడగాలంటే “సు మమా” అనాలి. “సు మాద్రె” వ్యాకరణం ప్రకారం తప్పేం కాదు, కానీ మెక్సికన్ చెవికి ఎక్కడో చురుక్కుమంటుంది. “తు మాద్రె” అంటే సగం తిట్టు అప్పటికే అయిపోయినట్టు. అలాగని మాద్రె పూర్తిగా వెలివేసిన మాటేమీ కాదు. “ఫెలీస్ దీయ దె లాస్ మాద్రెస్”, తల్లుల దినోత్సవ శుభాకాంక్షలు, అందరూ చెప్పుకునే నిండు మాట. పండుగ పేరులో, చర్చిలో, కవిత్వంలో దాని గౌరవం దానికుంది.

ఇప్పుడు ఆ మెసేజ్‌ని మళ్లీ చదవండి. తల్లుల రోజున, ఒక తల్లికి, ఆమె వండిన వంటని “తక్కువ తల్లి” అనే మాటతో కోడలు పొగిడింది. కుర్రాళ్లు నవ్వుకుంటారు. ఆ తరం ఆవిడ మాత్రం ఏం చేయాలో తోచక ఆగిపోతుంది. ఇందులో అత్తగారిని తప్పుపట్టడానికి నాకేమీ కనబడదు.

నాలుగోది స్వేగ్ర. అత్త అనే బంధుత్వం పేరు. మనకి అత్త అనేది పిలుపు కూడా. అక్కడ మొదట్లో దీన్ని పిలుపుగా వాడటం కొంచెం చనువు తీసుకున్నట్టుంటుంది. ఏళ్లు గడిచాక ముద్దుగా “స్వేగ్రిత” అనేవాళ్లున్నారు. అంతవరకు “సెన్యోర” అనో, పేరుకి ముందు “దోన్య” పెట్టో పిలవడం పద్ధతి. కొన్ని ఇళ్లలో కోడలూ మమా అనే పిలుస్తుంది, కానీ ఆ పిలుపు ఆవిడే ఇవ్వాలి.

అయితే ఆ అమ్మాయి ఏం రాసి ఉండాల్సింది? “ఫెలీస్ దీయ, సెన్యోర. లె కెదో రికీసిమో ఎల్ మోలె.” శుభాకాంక్షలండీ, మోలె మీకు ఎంతో రుచిగా కుదిరింది. అంతే. ఇంకాస్త ఉత్సాహం చూపించాలంటే చివర “కె రికో!” చేర్చొచ్చు. కావాలంటే “కె పాద్రె” కూడా చేర్చొచ్చు.

మరి పంపేశాక? వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల వరకు మెసేజ్‌ని సవరించే వీలుంది, పక్కన సవరించినట్టు చిన్న గుర్తు పడుతుంది. అందరికీ చెరిపేయడానికి రెండు రోజులకి పైనే గడువుంది. అయితే చెరిపితే “మెసేజ్ తొలగించారు” అన్న గీత అక్కడే మిగిలిపోతుంది, చూసినవాళ్లు ఎలాగూ చూసే ఉంటారు. పెద్దవాళ్ల విషయంలో చెరపడం కన్నా చెప్పడమే నయమని నా నమ్మకం. నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇదే: గ్రూపులో వద్దు, అత్తగారికి విడిగా రాయి, “దిస్కుల్పె, సెన్యోర” అని మొదలుపెట్టు. “దిస్కుల్ప” కాదు, చివర ఎకారం, అదే “క్షమించు” ని “క్షమించండి” చేస్తుంది. ఆ మాట అంత మొరటుదని తెలియక రాశానని, ఇంకా నేర్చుకుంటున్నానని రాయి. రాసింది. అత్తగారు పెద్ద వాయిస్ మెసేజ్ పంపారు, మోలెలో ఏ మిరపకాయలు ఎన్ని వేస్తారో మొత్తం చెబుతూ.

ఇలాంటి తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది? మెక్సికోలో పెద్దవాళ్లు కోడలి ముఖాన కోప్పడటం అరుదు. జవాబు పొట్టిదవుతుంది. లేదా “ఆయ్, మిహిత, ఎస బొకీత” అని వస్తుంది. అంటే “ఆ చిన్ని నోరుందే” అని. వినడానికి ముద్దుగా ఉంటుంది, అది మందలింపు. లేదా మనతో ఏమీ అనకుండా కొడుక్కి ఫోన్ వెళ్తుంది. కొడుకు నోటి నుంచి “ఇగ్వలాద” అన్న మాట వినబడితే విషయం గట్టిదని అర్థం. ఇగ్వల్ అంటే సమానం. పెద్దాచిన్నా చూడకుండా తనను తాను సమానం చేసుకునే మనిషిని ఇగ్వలాద అంటారు. “చిన్నంతరం పెద్దంతరం లేదు” అని మన ఇళ్లలో అనే మాటే అది. బూతు వాడినందుకు వచ్చే పేరు “మల్‌అబ్లాద”, చెడ్డ నోటిది అని. ఈ రెంటిలో మొదటిదే ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే తె పెద్ద తప్పు అన్నాను.

ఇంకో రెండు మాటలు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇవి ఇంటి పనుల చాట్‌లోనే దొర్లుతాయి. బద్ధకంగా ఉందనడానికి కుర్రాళ్లు “కె వేవ” అంటారు. దాని మూలం వేవో, అంటే గుడ్డు. మొరటు వాడుకలో వృషణాలు. అత్తగారికైతే “మె ద ఫ్లోహేర” అనాలి. అసలు గుడ్ల మాటే జాగ్రత్తగా వాడాలి. “మీ దగ్గర గుడ్లున్నాయా” అని “తియెనె వేవోస్” అని రాస్తే మెక్సికన్లకి వెంటనే రెండో అర్థం తడుతుంది. మాటకి చాటు అర్థం పెట్టి ఆడుకునే ఆటకి వాళ్లకి అల్బూర్ అని పేరే ఉంది. “ఆయ్ వేవో”, గుడ్లు ఉన్నాయా, అని మనిషి ఊసు లేకుండా అడిగితే ఆ గొడవ ఉండదు. పాతకాలం ఆడవాళ్లు గుడ్డు అనడమే మానేసి “బ్లాంకీయోస్”, తెల్లటివి, అంటారు. అత్తగారు ఆ మాట వాడితే మనమూ అదే వాడటం మంచిది.

ఇక పెదో. అసలు అర్థం అపానవాయువు. “కె పెదో” అని పలకరించుకుంటారు, “నో ఆయ్ పెదో” అంటే పర్వాలేదు అని. రెండూ స్నేహితులకే. వాక్యానికొకసారి వచ్చే wey కూడా అంతే. గ్వెయ్ అని రాయాల్సినదాన్ని చాట్‌లో అలా రాస్తారు. బ్వెయ్, అంటే ఎద్దు, అన్న మాట నుంచి వచ్చింది. ఒకప్పుడు మందబుద్ధి అనే తిట్టు, ఇప్పుడు మన “రా”, “మామా” లాంటిది. మరుదుల గ్రూపులో అలవాటై, వేలికి తెలియకుండానే పడిపోయే మాటల్లో ఇదే మొదటిది.

ఈ జాబితా మెక్సికోది మాత్రమే. స్పెయిన్ అత్తగారికి ఇదంతా వర్తించదు. అక్కడ చాలా కుటుంబాల్లో కోడళ్లు అత్తల్ని తూ అనే అంటారు, ఉస్తెద్ అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. స్పెయిన్ పాఠ్యపుస్తకంతో నేర్చుకున్నవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది: బస్సు ఎక్కడానికి అక్కడ వాడే “కొహేర్” మెక్సికోలో సంభోగానికి మొరటు మాట. మెక్సికోలో “తొమార్” అనాలి. తిరగేసి చూస్తే, ప్యూబ్లాలో పొద్దున్నే కాఫీతో తినే తియ్యటి బన్ను “కొంచ”. అర్జెంటీనాలో అది ఆడవాళ్ల అవయవానికి బూతు మాట. కాబట్టి భర్త ఏ ఊరివాడో, వాళ్ల ఇంట్లో ఏం నడుస్తుందో చూడాలి. ఉత్తర మెక్సికోలో, పెద్ద నగరాల్లో, తూ చెల్లే ఇళ్లు చాలానే ఉన్నాయి.

తేల్చుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి పెద్ద తోడికోడలు. భర్తని అడిగితే లాభం తక్కువ, అతను కన్నకొడుకు కాబట్టి వాళ్లమ్మతో అతనికి ఏదైనా చెల్లుతుంది. బయటి నుంచి వచ్చి, పదేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న తోడికోడలు అత్తగారికి పంపే మెసేజ్‌లు గ్రూపులోనే ఉంటాయి. పైకి జరిపి చదవాలి. ఆమె “లె” రాస్తోందా “తె” రాస్తోందా, సెన్యోర అంటోందా మమా అంటోందా చూడాలి. ఒకరోజు అత్తగారే “ఆబ్లమె దె తూ, మిహా” అంటారు. నన్ను నువ్వు అనమ్మా అని. అలా అన్నాక తె రాయొచ్చు, ntp కూడా పంపొచ్చు. alv మాత్రం అప్పుడూ కాదు.

గుంటూరు అమ్మాయికి ఆ మాట ఇంకా రాలేదు. మొన్న ఫోన్ చేసినప్పుడు, అత్తగారికి రాసే ప్రతి మెసేజ్‌లో ముందు క్రియ చివర చూసుకుని ఆ తర్వాతే పంపుతున్నానంది. మోలె వండిందట, పులుపు కాస్త ఎక్కువైందట. ఫోటో పంపితే అత్తగారి నుంచి జవాబు వచ్చింది: “కె పాద్రె, మిహా.” వెనకే వరుసగా పువ్వులు.